లైనింగ్ ఉన్న బరువు కర్టెన్ ఉతికితే కింద ముడుచుకుపోయింది, మిగతా మూడింటిని ఏం చేయను?

వాణి_మియాపూర్
ఒక తప్పు చేసేశాను, మిగతా మూడూ చేయకముందే అడుగుదామని వచ్చాను. మా హాల్లో బాల్కనీ తలుపుకి నాలుగు కర్టెన్లు ఉన్నాయి. ముదురు మెరూన్ రంగు, 9 అడుగుల పొడవు, వెనక తెల్ల లైనింగ్ వేయించి కుట్టించినవి. పైన కుచ్చిళ్లు, ప్లాస్టిక్ హుక్కులతో ట్రాక్‌కి తగిలించారు. మూడేళ్లుగా ఉతకలేదు. మా ఎదురుగా రెండు టవర్లు కడుతున్నారు, కర్టెన్ పక్కకి జరిపితే చాలు సున్నం రాలినట్టు దుమ్ము. సంక్రాంతికి అత్తమ్మ వాళ్లు వస్తున్నారని మొన్న ధైర్యం చేసి ఒకదాన్ని మెషీన్లో వేశాను. 40 డిగ్రీలు, మామూలు సర్ఫు పొడి, స్పిన్ 1000. బయటికి తీస్తే ముందు గుడ్డ బాగానే ఉంది, కానీ కింది అంచు మొత్తం పైకి లాక్కుపోయి పరికిణీ కుచ్చిళ్లలా ఉబ్బింది. పక్కన వేలాడుతున్న దాని కంటే పొట్టిగా కనిపిస్తోంది. పైగా హుక్కులు లాగి తీస్తుంటే 14లో 5 పుటుక్కున విరిగాయి. రంగు కూడా ఒక పక్కన వెలిసినట్టుంది.

ఇంకో గదిలో నిలువు పట్టీల బ్లైండ్స్ ఉన్నాయి, వాటినీ ముట్టుకోవాలంటే భయమేస్తోంది. ఎవరైనా చెప్పండి, డ్రై క్లీనింగ్‌కి ఇవ్వాలా, ఇంట్లోనే చేసుకోవచ్చా?

ఉప్పుపప్పు
వేడి నీళ్లే తప్పు అక్కా. చన్నీళ్లలో వేసుంటే అస్సలు కుంచించుకుపోయేది కాదు. రంగు పోకుండా బకెట్లో రెండు గుప్పెళ్లు కల్లుప్పు వేసి రాత్రంతా నానబెట్టండి, పొద్దున ఉతకండి. మా అమ్మ పట్టుచీరలకీ ఇదే చేస్తుంది. హుక్కులు తీయనే అక్కర్లేదు, పై భాగాన్ని దిండు గలేబులో దోపి కట్టేసి మెషీన్లో వేసేయండి.

బెజవాడ_టైలరు
తమ్ముడు చెప్పినదాంట్లో సగం కరెక్టు, సగం ప్రమాదం. నేను ఇరవై ఏళ్లుగా కర్టెన్లు కుడుతున్నా, ఇలా వచ్చిన కర్టెన్లు మా షాపులో లెక్కలేనన్ని విప్పాను.

అమ్మా, మీ కర్టెన్ ముందు గుడ్డ కుంచించుకుపోలేదు. మెరూన్ గుడ్డ పాలియెస్టర్ అయ్యుంటుంది, దానికి 40 డిగ్రీలు ఒక లెక్క కాదు. కుంచించుకుపోయింది లైనింగ్. అది కాటన్. మిల్లులో కాటన్ గుడ్డని లాగిపట్టి ఆరబెడతారు, అందుకని నీళ్లు తగలగానే దారం తన అసలు కొలతకి వచ్చేస్తుంది. వేడి దాన్ని పెంచుతుంది, అంతే. చన్నీళ్లలో ముంచినా మొదటిసారి కొంత పోతుంది. ఉతకని కాటన్ నూరు అంగుళాలకి మూడు అంగుళాలు పోవడం మాకు మామూలే, చవక గుడ్డయితే ఐదు కూడా పోతుంది. మీది 108 అంగుళాలు. లైనింగ్‌ని ముందు గుడ్డతో కలిపి కింద కుట్టేస్తే, పొట్టిదైన లైనింగ్ పొడవైన గుడ్డని పైకి లాగుతుంది. మీరు చూస్తున్న ఉబ్బు అదే.

నిజమా కాదా అనేది మీరే చూడొచ్చు. కింది మడతలోంచి లైనింగ్ దారం ఒకటి, ముందు గుడ్డ దారం ఒకటి లాగి, సింకులో పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల అంటించండి. కాటన్ కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. పాలియెస్టర్ కరిగి నల్ల పూసలా గట్టిపడుతుంది, వేడిగా ఉన్నప్పుడు వేలితో ముట్టుకోకండి. తర్వాత ఒక టేపు తీసుకుని ముందు గుడ్డ, లైనింగ్ విడివిడిగా కొలిచి ఇక్కడ రాయండి.

సోమరి_సుబ్బు
మా బాత్రూమ్ కర్టెన్‌కి కింద నల్లటి బూజు వస్తోంది, దానికి కూడా ఇదే పద్ధతా? అది ప్లాస్టిక్‌ది.

రిటైర్డ్_లెక్చరర్
సుబ్బూ, ఆమె అడిగింది హాల్ కర్టెన్ల గురించి. మీది వేరే సమస్య, వేరే చర్చ పెట్టండి.

ఉప్పు గురించి ఒక మాట. నేను కెమిస్ట్రీ చెప్పినవాణ్ని. కాటన్‌కి రంగు అద్దేటప్పుడు రంగు తొట్టిలో ఉప్పు వేస్తారు, రంగు దారాన్ని పట్టుకోవడానికి అది తోడ్పడుతుంది. అద్దకం అయిపోయి ఏళ్లయిన గుడ్డలో వదులుగా ఉన్న రంగుని ఇంట్లో వేసిన ఉప్పు బిగించదు. పైగా రాత్రంతా నానబెడితే ఊరిన మెరూన్ పక్కనే ఉన్న తెల్ల లైనింగ్‌కి అంటుకోవచ్చు. పట్టుచీరకి లైనింగ్ ఉండదు కదా, అందుకని మీ అమ్మగారికి ఆ ఇబ్బంది కనబడి ఉండదు.

ఉప్పుపప్పు
సరే సార్, ఉప్పు వెనక్కి తీసుకుంటున్నా. కానీ మా అమ్మకి ఈ మాట మీరే చెప్పాలి, నేను చెప్పలేను.

వాణి_మియాపూర్
కొలిచాను మాస్టరు గారూ. ముందు గుడ్డ 108కి రెండు నూళ్లు తక్కువ, అంటే ఏం పోలేదు. లైనింగ్ పక్కల దగ్గర 104న్నర, మధ్యలో 104. దారాలు కాల్చాను, మీరన్నట్టే ఒకటి పూస, ఒకటి బూడిద. మావారు వంటింట్లో ఏం కాలుతోందని పరుగెత్తుకొచ్చారు.

ఇప్పుడు దీన్ని లాగి సాగదీయొచ్చా? ఇస్త్రీ చేస్తే వస్తుందా?

బెజవాడ_టైలరు
తడిపి లాగితే ఒక అంగుళం వస్తుందేమో, మళ్లీ ఉతికితే పోతుంది. దానితో కుస్తీ పట్టకండి. కింద లైనింగ్‌ని ముందు గుడ్డకి కలిపిన కుట్టు విప్పేయండి, పక్క కుట్లు కూడా కింది నుంచి ఒక జానెడు విప్పండి. లైనింగ్ మడతలో ఎంత గుడ్డ దాచారో చూడండి, మంచి టైలరైతే మూడు నాలుగు అంగుళాలు వదులుతాడు. ఆ మడత విప్పి సన్నగా మళ్లీ కుట్టించి, లైనింగ్‌ని విడిగా వేలాడనివ్వండి. ముందు గుడ్డ కంటే అంగుళం, అంగుళంన్నర పైకి ఉన్నా బయటికి కనబడదు. గాలికి ఎగరకుండా రెండు మూలల్లో వేలెడు పొడవు దారం గొలుసు వేస్తే చాలు.

మిగతా మూడింటికి ఈ కుట్టు ఉతకడానికి ముందే విప్పండి. లైనింగ్ ఎంత పోవాలో అంత పోనివ్వండి. ఆరాక కొలిచి కుట్టించుకోండి. అప్పుడు చన్నీళ్లా గోరువెచ్చనా అనే టెన్షన్ సగం తగ్గిపోతుంది.

రంగు గురించి. వెలిసింది ఏ పక్క? అద్దం వైపు ఉండే అంచేనా? ఆ పక్క కుట్టు మడత కొంచెం తెరిచి లోపలి రంగు చూడండి.

వాణి_మియాపూర్
అవును, బాల్కనీ తలుపు వైపు అంచే. మడత లోపల చూస్తే అచ్చం కొత్త మెరూన్. అంటే ఉతకడం వల్ల కాదా?

బెజవాడ_టైలరు
ఉతకడం వల్లయితే మడత లోపల కూడా వెలిసేది, నీళ్లు అక్కడికీ వెళ్తాయి కదా. అది ఎండ. మూడేళ్ల ఎండని ఇన్నాళ్లూ దుమ్ము కప్పింది, దుమ్ము పోగానే బయటపడింది. కర్టెన్లు ఉతికి ఇచ్చిన ప్రతి చోటా ఈ గొడవే, నా రంగు పోగొట్టారని.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎండ రంగునే కాదు, దారాన్ని కూడా తింటుంది. మిగతావి తడిపే ముందు అద్దం వైపు లైనింగ్‌ని రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని గట్టిగా లాగి చూడండి. పర్రుమని కాగితంలా చిరిగితే దాన్ని మెషీన్లో వేయొద్దు, లైనింగ్ మార్చేయాల్సిందే. చాలామంది మెషీన్ చింపేసింది అంటారు. అప్పటికే పోయిన గుడ్డని మెషీన్ బయటపెట్టిందంతే.

డల్లాస్_లక్ష్మి
డ్రై క్లీనింగ్ అడిగారు కాబట్టి నా అనుభవం. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు బెడ్‌రూమ్ బ్లాకౌట్ కర్టెన్లు ఒక షాపుకి ఇచ్చాను. వెనక రబ్బరులా తెల్ల పూత ఉండే రకం. తిరిగొచ్చేసరికి పూత ఒకదానికొకటి అంటుకుపోయి, విప్పుతుంటే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. వాళ్లు గుడ్డ పాతది అన్నారు, నేను మీరు పాడుచేశారు అన్నాను, ఆ పంచాయితీ ఎటూ తేలలేదు. లేబుల్ మీద డ్రై క్లీన్ వద్దు అనే గుర్తు ఉందని తర్వాత చూసుకున్నాను, గుండ్రం మీద ఇంటూ మార్కు. తప్పు నాది కూడా.

ఇక్కడికొచ్చాక అలాంటివి తడపడమే మానేశాను. వాక్యూమ్‌కి మెత్తటి బ్రష్ పెట్టి గుడ్డ వైపు లాగేస్తాను, పూత వైపు పిండిన తడిగుడ్డతో తుడుస్తాను. డ్రయ్యర్ జోలికి మాత్రం వెళ్లకండి. ఒకసారి కాటన్ కర్టెన్లు డ్రయ్యర్‌లో వేస్తే, బయటికి వచ్చేసరికి కిటికీ గట్టుకి అడుగెత్తున వేలాడాయి.

గోదారి_గట్టు
పూత ఉన్నవీ లేనివీ ఎలా తెలుస్తాయి? మావి కూడా బ్లాకౌట్ అనే అమ్మాడు, కానీ వెనక కూడా గుడ్డలాగే ఉంది.

డల్లాస్_లక్ష్మి
వెనక చేత్తో రాయండి. రబ్బరులా జిగటగా, లేదా చార్టు కాగితంలా నున్నగా ఉంటే పూత. రెండు వైపులా గుడ్డలాగే ఉంటే మధ్యలో నల్ల దారం పెట్టి నేసిన రకం, అది ఉతికితే తట్టుకుంటుంది. మా ఇంట్లో పిల్లల గదివి ఆ రకమే, నాలుగైదుసార్లు ఉతికాను. ఇస్త్రీ మాత్రం పూత వైపు ఎప్పుడూ పెట్టొద్దు, పెట్టెకి అంటుకుంటుంది.

వాణి_మియాపూర్
మావి పూతవి కావు, లైనింగే. సరే, మరి ఉతకడం ఎలా మొదలుపెట్టాలి? హుక్కుల సంగతి కూడా చెప్పండి. ఈ రకం హుక్కులు షాపులో అడిగితే పొడవు తేడాగా ఉన్నాయి.

బెజవాడ_టైలరు
హుక్కు దగ్గర మొదలుపెడదాం. ప్లాస్టిక్ హుక్కు కూడా ఎండకి ఎండిపోయి పెళుసవుతుంది, అందుకే పట్టి లాగితే విరుగుతుంది. లాగకూడదు. వెనక టేపు జేబులో రెండు కాళ్లు దూరి ఉంటాయి కదా, కింద వేలు పెట్టి దాన్ని పైకి నెట్టి, తిప్పి, వచ్చిన దారినే బయటికి తీయాలి. తీసే ముందు ఏ జేబులో ఉందో ఒక ఫోటో తీసుకోండి. ఒక వరుస తేడాగా పెడితే కర్టెన్ కొంచెం పైకో కిందికో వేలాడుతుంది, అప్పుడు కర్టెన్ పొట్టిదైందని కంగారుపడతారు. విరిగినది ఒకటి జేబులో వేసుకుని షాపుకి వెళ్లండి, కంటిచూపుతో కొనొద్దు.

హుక్కులు పెట్టే ఉతకమన్న తమ్ముడూ, గలేబులో కట్టినా లోపల హుక్కు కర్టెన్ గుడ్డనే గీకుతుంది. ఇనుప హుక్కయితే ఇంకా ఘోరం, తడి గుడ్డలో ఒక్క రాత్రి ఉంటే చాలు తుప్పు చుక్క పడుతుంది. అది సబ్బుకి పోదు. రింగులు గుడ్డకే బిగించి ఉన్న కర్టెన్లయితే తీయలేం కాబట్టి, అన్ని రింగులూ ఒకచోట చేర్చి పాత సాక్సులోకి దూర్చి కట్టొచ్చు. గలేబు ఐడియా అక్కడ పనికొస్తుంది.

పైన కుచ్చిళ్లలో గట్టిగా అట్టలా తగిలేది బక్రం. దాన్ని పిండితే విరిగి మడతలు పడతాయి, ఇస్త్రీకి కూడా సరిగా రావు. మీ కర్టెన్లకి బక్రం ఉందా, లేక తాడు లాగి కుచ్చిళ్లు తెచ్చే టేపా?

వాణి_మియాపూర్
తాడు ఉంది. చివర్లో ముడేసి ఉంది, కానీ గట్టిగా ఏమీ తగలట్లేదు.

బెజవాడ_టైలరు
అయితే మీ పని సులువు. కుచ్చిళ్లు లాగిన వెడల్పు టేపుతో కొలిచి రాసుకోండి. ముడి విప్పి తాడు వదులు చేసి కర్టెన్‌ని పూర్తిగా పరిచేయండి. తాడు కత్తిరించకండి, చివరలు లోపలికి జారిపోకుండా ఒక్కో చివర పెద్ద ముడి వేసి ఉంచండి. జారిపోతే మళ్లీ ఎక్కించడానికి పిన్నీసుతో ఒక పూట పడుతుంది.

తర్వాత మేడ మీద దులపండి, లేదా వాక్యూమ్ పెట్టండి. సిమెంటు దుమ్ము ఉన్న గుడ్డని నేరుగా సబ్బు నీళ్లలో వేస్తే బురద. మొదట టబ్బులో ఉత్త చన్నీళ్లలో ముంచి, కిందికీ పైకీ ఎత్తి దించి, ఆ నీళ్లు పారబోయండి. నీళ్లు మట్టి రంగు తగ్గేదాకా రెండు మూడుసార్లు. సబ్బు తర్వాత.

దానికంటే ముందు రంగు పరీక్ష. లోపలి మడత తడిపి, తెల్ల చేతిరుమాలు పెట్టి ఐదు నిమిషాలు గట్టిగా అదిమి చూడండి. ఎరుపు దిగితే ఒక్కో కర్టెన్ విడిగా ఉతకాలి, తడిగా మడతపెట్టి ఒక్క నిమిషం కూడా ఉంచకూడదు.

రిటైర్డ్_లెక్చరర్
పొడి బదులు లిక్విడ్ వాడమని నా సలహా. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, పొడి సరిగా కరగక ముదురు గుడ్డ మీద తెల్ల గీతలు మిగులుతాయి. వాటినే చాలామంది రంగు వెలిసింది అనుకుంటారు. మీరు చెప్పిన సర్ఫులో గుడ్డని తెల్లగా మెరిపించే పదార్థం కూడా ఉండొచ్చు, ముదురు రంగులకి అది అక్కర్లేదు. బ్లీచ్ సంగతి అసలు ఎత్తొద్దు.

గోదారి_గట్టు
మెషీన్లో ఒకేసారి ఎన్ని వేయొచ్చు? మాది 7 కిలోలది.

బెజవాడ_టైలరు
ఆ 7 కిలోలు పొడి బట్టల లెక్క, అదీ చిన్న బట్టలకి. కర్టెన్ని పట్టుకుని బరువు మెషీన్ ఎక్కండి, తర్వాత ఖాళీగా ఎక్కండి, తేడా చూడండి. రెండు రెండున్నర కిలోలుంటే ఒకటే వేయండి. డ్రమ్ము సగం ఖాళీగా ఉండాలి, లేకపోతే మడత మీద మడత పడి మధ్యలో దుమ్ము అలాగే ఉంటుంది. సున్నితం బట్టల ప్రోగ్రాం, చన్నీళ్లు, స్పిన్ 400. అంతకంటే తక్కువ పెట్టగలిగితే ఇంకా మంచిది.

డల్లాస్_లక్ష్మి
ఒక్కటే వేస్తే స్పిన్‌లో డ్రమ్ము ఒకవైపు బరువై మెషీన్ గడగడలాడి ఆగిపోతుంది మాస్టరు గారూ, నాకు ప్రతిసారీ అదే. నేను రెండు పాత తువ్వాళ్లు తోడు వేస్తాను.

బెజవాడ_టైలరు
తువ్వాలు నూగు ముదురు గుడ్డకి పట్టుకుంటుంది, అందుకే నేను వేయమనను. స్పిన్ లేకుండా తీసి, టబ్బు అంచున వేసి నీళ్లు కారనిస్తా. బరువు మోయలేనివాళ్లు మీ పద్ధతి చేసుకోవచ్చు, తప్పనను.

వాణి_మియాపూర్
ఆరబెట్టడం? మా బాల్కనీలో ఒకే తాడు.

బెజవాడ_టైలరు
ఒకే తాడు మీద సగానికి వేస్తే మధ్యలో గీత పడుతుంది, ఆ తడి బరువుకి తాడు కిందికి వంగుతుంది. రెండు తాళ్లు అడుగున్నర దూరంలో కట్టి, వాటి మీదుగా పరచండి. నీడలో, లైనింగ్ పైకి. నీళ్లు కారడం ఆగి ఇంకా చెమ్మగా ఉండగానే ట్రాక్‌కి తగిలించేయండి, దాని బరువే ముడతలు లాగేస్తుంది, ఇస్త్రీ తప్పుతుంది. నీళ్లు ఓడుతున్నప్పుడు మాత్రం వద్దు, ట్రాక్ స్క్రూలు గోడలోంచి ఊడొస్తాయి.

గోదారి_గట్టు
నిలువు బ్లైండ్స్ గురించి ఎవరూ చెప్పలేదు. మా అన్నయ్య ఆఫీసులో అవే ఉన్నాయి, ఒక్కో పట్టీ పట్టుకుని లాగితే పైన క్లిప్పు విరిగి చేతికొచ్చింది.

డల్లాస్_లక్ష్మి
ఇది నాకు వచ్చు. ఇక్కడ అపార్ట్‌మెంట్లన్నిట్లో అవే. కిందికి లాగకూడదు. పట్టీ పైన చిన్న కన్నం ఉంటుంది, క్లిప్పుకి ఉన్న ముక్కు ఆ కన్నంలో చిక్కుకుని ఉంటుంది. పాత ఏటీఎం కార్డు తీసుకుని పట్టీకి, ఆ ముక్కుకి మధ్య పైకి దూర్చండి. ముక్కు కన్నంలోంచి బయటపడుతుంది, పట్టీని కార్డుతో కలిపి మెల్లగా కిందికి దించితే జారి వస్తుంది. పట్టీలు పూర్తిగా తెరిచి తిప్పి ఉన్నప్పుడే చేయాలి, మూసి ఉంటే కార్డు దూరదు.

కానీ వాణి గారూ, ముందు అసలు తీయాల్సిన అవసరం ఉందా చూడండి. మూసి, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో పై నుంచి కిందికి, తర్వాత తిప్పి రెండో వైపు. పొడిగా తుడవకుండా తడిగుడ్డ పెడితే దుమ్ము చారలుగా అతుక్కుంటుంది, ముఖ్యంగా గుడ్డ పట్టీలకి. ప్లాస్టిక్ పట్టీలయితే నేను బాత్‌టబ్‌లో గోరువెచ్చని సబ్బు నీళ్లలో పడుకోబెట్టి తుడిచేస్తాను. గుడ్డవయితే లోపల గంజిలాంటి బిగుతు ఉంటుంది, నానబెడితే మెత్తబడి వంకర తిరుగుతాయి. మరక ఉన్నచోట తడిగుడ్డతో అద్దడం వరకే.

వాణి_మియాపూర్
నాలుగు రోజుల తర్వాత వచ్చి రాస్తున్నా. మూడింటికి కింద కుట్టు విప్పాను, రెండు రాత్రులు పట్టింది. బొటనవేళ్ల పరీక్షలో ఒకదాని లైనింగ్ తలుపు వైపు బెత్తెడు పర్రున చిరిగింది. దాన్ని పక్కన పెట్టేశాను, టైలర్ దగ్గర కొత్త లైనింగ్ వేయించాలి. మిగతా రెండూ ఉత్త నీళ్లలో ముంచితే మొదటి నీళ్లు బెల్లం పాకంలా వచ్చాయి, నాలుగోసారికి కాస్త తేటపడ్డాయి. రుమాలుకి లేత గులాబీ దిగింది, అందుకే ఒక్కోటి విడిగా. చన్నీళ్లు, 400 స్పిన్. ముందు గుడ్డ 108 అలాగే ఉంది. లైనింగ్ ఒకటి 105న్నర, ఇంకోటి 105, చన్నీళ్లే అయినా పోయింది. కానీ ఇప్పుడు విడిగా వేలాడుతోంది కాబట్టి ఉబ్బు లేదు. హుక్కులు పైకి నెట్టి తీస్తే 28లో ఒకటే విరిగింది.

బ్లైండ్స్ ఏటీఎం కార్డుతో రెండు పట్టీలు తీసి చూశాను, వచ్చాయి. మూడోదానికి కన్నం దగ్గరే చీలిపోయింది. దాన్ని అతికించే మార్గం ఏమైనా ఉందా?

డల్లాస్_లక్ష్మి
ఇక్కడ ఆ కన్నం మీద అతికించే చిన్న ప్లాస్టిక్ బిళ్లలు అమ్ముతారు, అక్కడ దొరుకుతాయో లేదో చూడాలి. అప్పటిదాకా రెండు వైపులా మందపాటి టేపు వేసి, పంచింగ్ మెషీన్‌తో కన్నం కొట్టి తగిలించండి. నాది అలా రెండేళ్లు నిలిచింది.

ఉప్పుపప్పు
పట్టీని తలకిందులు చేసి తగిలిస్తే సరిపోదా?

డల్లాస్_లక్ష్మి
గుడ్డ పట్టీకి కింద బరువు పెట్టే జేబు ఉంటుంది తమ్ముడూ, తలకిందులు చేస్తే అది పైన కనబడుతుంది. ప్లాస్టిక్ పట్టీ అయితే, కింద కన్నం కొట్టి అలా పెట్టినవాళ్లు కూడా ఉన్నారు.

సోమరి_సుబ్బు
బాత్రూమ్ కర్టెన్ గురించి వేరే చర్చ పెట్టాను, అక్కడ ఎవరూ రావట్లేదు.